అన్నిటికన్నా చెడ్డది ఏంది? ముందు అది అడుగు



ఈ నెల పుస్తకం డేల్ కార్నెగీ అనే అమెరికా ఆయన 1948లో రాసింది. పేరు ‘హౌ టు స్టాప్ వర్రీయింగ్ అండ్ స్టార్ట్ లివింగ్’. అంటే దిగులు మాని బతకడం ఎట్ల అని. నాకు ఇంగ్లీషు రాదు. మా మనవరాలు చదువుతూ తెలుగులో చెప్పింది, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. పుస్తకం అంతా కాదు, రెండో అధ్యాయం ఒక్కటే.

రాసుకునేటప్పుడు నేను పేజీని మూడు భాగాలు చేస్తాను. రాసినాయన ఏం చేయమన్నాడు, ఎందుకు చేయమన్నాడు, దానికి ఏ కథ చెప్పాడు అని. ఇట్లాంటి పుస్తకాల్లో కథలే ఎక్కువ. కథ గుర్తుండి మాట మర్చిపోతాం. అందుకే విడివిడిగా రాస్తాను.

ముందు కథ చెప్తాను, ఎందుకంటే అందులో ఉన్న మనిషి మన మిల్లులకు చుట్టమే. ఆయన పేరు విల్లిస్ కారియర్. గాలిలో చల్లదనం, తేమ సరిచేసే యంత్రం 1902లో తయారు చేసింది ఈయనే, అది ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం. వీవింగ్ ఖాతాలో పోగు తెగకుండా గాలికి తేమ పట్టించే ప్లాంటు మనకు ఎరికే కదా, ఆ విద్యను పెంచిన పెద్దల్లో ఈయన ఒకడు.

కారియర్ కుర్రవాడుగా ఒక కంపెనీలో కొలువు చేసేటప్పుడు, మిస్సోరీలో ఒక అద్దాల ఫ్యాక్టరీలో గ్యాసు శుద్ధిచేసే యంత్రం బిగించడానికి పంపించారు. పద్ధతి కొత్తది. యంత్రం నడిచింది గాని, కంపెనీ మాట ఇచ్చినంత బాగా నడవలేదు. కారియర్‌కు కడుపులో తిప్పినట్టయింది, కొన్నాళ్ళు నిద్ర లేదు. చివరికి, దిగులుపడితే యంత్రం బాగుపడదు అని తెలుసుకుని మూడు పనులు చేశాడు. ఈ అధ్యాయం అంతా ఆ మూడు పనులే.

మొదటిది. దీనివల్ల జరగగలిగే అన్నిటికన్నా చెడ్డది ఏంది అని భయపడకుండా లెక్క కట్టుకోవాలి. కారియర్ లెక్క ఇట్లుంది: నన్నెవరూ జైల్లో వేయరు, కాల్చి చంపరు. కొలువు పోవచ్చు. యంత్రం పీకేస్తే కంపెనీకి 20,000 డాలర్లు నష్టం రావచ్చు.

రెండోది. తప్పకపోతే ఆ చెడ్డదాన్ని ఒప్పుకుంటాను అని మనసుకు చెప్పుకోవాలి. కొలువు పోతే ఇంకోటి దొరుకుతుంది, కంపెనీ ఆ డబ్బును కొత్త పద్ధతి నేర్చుకున్న ఖర్చు అనుకుంటుంది అని ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోగానే ఎన్నో రోజుల తర్వాత మనసు నెమ్మదించింది అంటాడు.

మూడోది. అక్కడినుంచి, ఆ చెడ్డదాన్ని ఎంత తగ్గించగలం అని ఓపికగా పని చేయాలి. కారియర్ పరీక్షలు చేసి చూస్తే, ఇంకో 5,000 డాలర్ల సామాను పెడితే యంత్రం సరిగ్గా నడుస్తుందని తేలింది. పెట్టారు. 20,000 పోవాల్సింది పోయి 15,000 డాలర్లు మిగిలినాయి.

ఇప్పుడు ఎందుకు అన్నది. కారియర్ చెప్పిన కారణం: దిగులు చేసే పెద్ద చెరుపు మన ధ్యాసను చెదరగొట్టడం. మనసు ఒకదాని మీదనుంచి ఇంకోదాని మీదికి గెంతుతుంది, ఏదీ తేల్చుకోలేము. అన్నిటికన్నా చెడ్డదాన్ని ఎదురుగా పెట్టుకుంటే ఆకారం లేని భయాలు పోయి, కళ్ళముందు ఒక్క సమస్యే నిలుస్తుంది. కార్నెగీ దీనికి ఇంకో కారణం కలిపాడు. చెడ్డదాన్ని ఒప్పుకున్నాక పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు, భయానికి ఖర్చవుతున్న బలమంతా పనికి వస్తుంది అని. దీనికి విలియం జేమ్స్ అనే మనసు శాస్త్రం పండితుణ్ణి, లిన్ యూటాంగ్ అనే చైనా రచయితను సాక్ష్యం తెచ్చుకున్నాడు.

మొదటి కారణం వింటుంటే నాకు నా సంగతే చదువుతున్నట్టయింది. మిల్లు మూతపడ్డాక నేను రెండు పాత సాంచాలు కొని టవళ్ళు నేశాను. ఒక సేటు 60,000 రూపాయల మాలు తీసుకుని పైసలు ఆపేశాడు. నూలు దుకాణంలో నేను 45,000 బాకీ. రెండు నెలలు దుకాణం ముందునుంచి పోకుండా వెనక గల్లీనుంచి పోయేవాణ్ణి. సాంచా ముందు నిలబడ్డా మనసు అక్కడ లేదు. తాను పోగు తెగితే చూడలేదు, టవలు పొడుగునా గీత పడింది. ఆ వారం మాలు సగం ధరకు పోయింది. బాకీ ఒకటైతే దిగులు దానికి ఇంకో నష్టం తెచ్చింది.

ఒక రాత్రి మా ఇంటామె అడిగింది: “ఆ సేటు ఒక్క పైసా ఇయ్యడనుకో. అప్పుడేమైతది?” కాగితం మీద రాశాను. రెండు సాంచాలు అమ్మితే 50,000 వస్తాయి. నూలు బాకీ తీరి 5,000 మిగుల్తాయి. నేను మళ్ళీ పరాయి కార్ఖానాలో కూలికి నేయాలి. ఆమె అంది, “అంతేనా? పెండ్లయిన కొత్తల కూలికే కదా నేసినవు. అప్పుడు తినలేదా మనం?”

ఆ రాత్రి నిద్ర పట్టింది. పొద్దున లేచి నూలు దుకాణానికి ముందు తలుపునుంచే పోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి, నెలకు 3,000 చొప్పున 15 నెలల్లో తీరుస్తానన్నాను. ఆయన కోప్పడింది బాకీకి కాదు, రెండు నెలలు మొహం తప్పించినందుకు. తర్వాత ఒప్పుకున్నాడు. సేటు దగ్గర తిరిగి తిరిగి సగం పైసలు రాబట్టుకున్నాను. ఒక సాంచా అమ్మాను, రెండోది నిలిచింది. అప్పటికి నాకు ఈ పుస్తకం తెలియదు. మూడు పనులూ మా ఇంటామె చేయించింది.

ఇక జాగ్రత్త చెప్పాల్సినవి రెండున్నాయి.

ఒకటి, మనవాళ్ళు చాలామంది రెండో పని దగ్గరే ఆగిపోతారు. మా నుదుట ఇంతే రాసుంది అని కూచుంటారు. పుస్తకం చెప్పింది అది కాదు. ఒప్పుకోవడం మూడో పని కోసమే. ఒప్పుకున్న మరునాడు పొద్దున మీరు ఎక్కడికైనా బయలుదేరకపోతే, ఎవరితోనైనా మాట్లాడకపోతే, మీరు చేసింది సగమే.

రెండు, కథ వేరు, కారణం వేరు. ఇదే అధ్యాయంలో కడుపులో పుండ్లతో 80 కిలోలనుంచి 40 కిలోలకు పడిపోయిన ఒకాయన కథ ఉంది. డాక్టర్లు ఆశ వదిలేశారు. ఎట్లాగూ చావే కదా అని శవపేటిక కొని వెంటబెట్టుకుని ఓడలో ప్రపంచ యాత్రకు పోయాడు. పథ్యం, మందులు మెల్లగా మానేశాడు, అన్నీ తిన్నాడు, పోయిన బరువంతా తిరిగి వచ్చింది. కథ బాగుంది, కాని అది ఒక్క మనిషికి జరిగింది. అట్లా చేసి బతకనివాళ్ళు వచ్చి పుస్తకంలో చెప్పుకోలేరు. చావు భయం వదిలితే మనసుకు బలం వస్తుంది అన్నది ఆ కథనుంచి తీసుకోండి. మందులు మానడం మాత్రం తీసుకోకండి. రోగం సంగతిలో చెడ్డది ఏందో లెక్కకట్టేది డాక్టరే.

లెక్క మాట వచ్చింది కాబట్టి చివరిగా ఒకటి. మొదటి పని మనసులో చేయకండి, కాగితం మీద చేయండి. మనసులో 45,000 బాకీ కొండంత ఉండె. కాగితం మీద అది రెండు సాంచాల ఖరీదు, అంతే. రాయడం రానివాళ్ళు ఇంట్లో పిల్లలతో రాయించండి. వాళ్ళకూ ఇంటి లెక్క తెలుస్తుంది.

వచ్చే నెల ఇంకో అధ్యాయంతో కలుస్తాను.