నీలి టిక్కులు చెప్పేదెంత?

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో, అంటే ఒకే సందేశాన్ని పలువురికి విడివిడిగా చేరవేసే ఏర్పాటులో, టిక్కుల లెక్కను చదువరుల లెక్కగా భావించడం సభ్యులకు అన్యాయం చేసే పొరపాటు. ఉదాహరణకు ఒక రైతు సంఘం 200 మంది సభ్యులకు విత్తనాల పంపిణీ తేదీని పంపగా, సందేశ వివరాల్లో 160 మందికి చేరినట్లు, వారిలో 90 మంది చూసినట్లు కనిపించిందనుకుంటే, మిగిలిన 110 మందినీ అశ్రద్ధాపరులుగా లెక్కించడం సరికాదు. పంపినవారి నంబరును తమ ఫోన్‌లో భద్రపరచుకోనివారికి బ్రాడ్‌కాస్ట్ సందేశం అసలు అందదు కనుక, రోజులు గడిచినా ఒంటి టిక్కుతోనే నిలిచిన ఆ 40 పేర్లలో తొలుత పరిశీలించవలసింది ఆసక్తిని కాదు, నంబరునే. సందేశం చేరినా నీలి రంగు కనిపించని 70 మందిలో, చదివినట్లు తెలిపే సూచనను సెట్టింగులలో నిలిపివేసుకున్నవారూ, సంభాషణను తెరవకుండా నోటిఫికేషన్‌లోనే విషయం గ్రహించినవారూ ఉండవచ్చు. మరోవైపు, నీలి టిక్కు సంభాషణ తెరుచుకున్నదని మాత్రమే చెబుతుంది గాని, పొడవైన సందేశం చివరనున్న తేదీ వరకు చూపు వెళ్లిందని చెప్పదు. అందువల్ల తేదీని మొదటి వాక్యంలోనే ఉంచి, ఎన్ని బస్తాలు కావాలో అంకెతో బదులివ్వమని కోరి, ఆ జవాబులనే చదివినదానికి కొలతగా తీసుకోవడం, మౌనంగా ఉన్నవారికి ఫోన్ చేయడం న్యాయమైన పద్ధతి.