డాలస్‌లో తెల్లారేదెప్పుడు?

నేను కోఠిలో, మా ఆవిడ డాలస్‌లో. మొన్న సంక్రాంతికి సాయంత్రం ఆరింటికి శుభాకాంక్షలు పంపా. అక్కడ పొద్దున్న ఆరున్నర, అప్పుడే లేచిందట. తెగ మురిసిపోయింది.

అదే ధీమాతో ఉగాదికీ ఆరింటికే పంపా. "పండక్కి కూడా గంట లేటా? కారెక్కేశాను" అంది.

తప్పెక్కడో తర్వాత తెలిసింది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. అందుకే సంక్రాంతికి మనకీ డాలస్‌కీ పదకొండున్నర గంటల తేడా ఉంటే, ఉగాదికి పదిన్నరే. నేను ఐదింటికే పంపాల్సింది.

దసరాకి చిక్కు లేదు, ఎప్పుడూ పదిన్నరే. దీపావళితోనే తంటా. 2023లో నవంబర్ 12న వచ్చింది, అప్పటికి గడియారం వెనక్కి వెళ్లిపోయింది కాబట్టి తేడా పదకొండున్నర. 2024లో అక్టోబర్ 31నే వచ్చింది, పదిన్నర.

ఇక వేళ్ల మీద లెక్కలు మానేశా. ఫోన్ గడియారంలో డాలస్‌ని చేర్చుకున్నా. అక్కడ ఆరున్నర కాగానే పంపడమే.

ఈ దీపావళికి రెడీమేడ్ బొమ్మ పంపను. బడీచౌడీలో బంతిపూల బేరాల గోల మధ్య నిలబడి, నా గొంతే రికార్డు చేసి పంపుతా. నిద్ర లేస్తూనే కోఠి వినపడాలి తనకి.