మాట మరిచిపోతే ఆదుకునే సామెత ఏది?

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. శాఖా గ్రంథాలయాల్లో పిల్లలకు వక్తృత్వ పోటీలు పెడతారు. ముగింపు సభలో పాఠకుల్లో ఒకరిని నాలుగు మాటలు చెప్పమంటారు. అలా పిలుపు అందుకున్నవాళ్లలో చాలామందికి అదే మొదటి మైకు. జనాన్ని చూసి కలిగే బెరుకు కంటే, మధ్యలో మరిచిపోతే పరువేం కాను అన్న దిగులే వాళ్లకు రాత్రి నిద్ర పట్టనివ్వదు.

ఇంట్లో పెద్దలు వెంటనే "ధైర్యే సాహసే లక్ష్మి" అంటారు. మంచి మాటే. కానీ నోరు తడారిపోయి, తరువాతి వాక్యం గుర్తురాక నిలబడినవాడు ఆ క్షణంలో ఏం చెయ్యాలో అది చెప్పదు. కొన్ని సామెతలు భయపడకు అంటాయి. కొన్ని మాత్రం ఏం చెయ్యాలో చెబుతాయి. మొదటిసారి మాట్లాడేవాళ్లకు పనికొచ్చేవి ఈ రెండో రకంవే.

గాంధీజీ అనుభవం చూడండి. 1891లో బారిస్టరు చదువు ముగించి లండన్ నుంచి బయలుదేరే ముందు మిత్రులకు ఒక హోటల్లో శాకాహార విందు ఇచ్చారు. సభను నవ్విద్దామని ఒక పిట్టకథ సిద్ధం చేసుకున్నారు. అడిసన్ అనే ఆంగ్ల రచయిత పార్లమెంటులో లేచి, ఒకే మాట మూడుసార్లు అని, ఆపైన ఏమీ తోచక కూర్చున్నాడన్నది ఆ కథ. ఆ కథ మొదలుపెట్టిన గాంధీజీ కూడా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. తరువాతిది గుర్తురాలేదు. పిలవగానే వచ్చినందుకు కృతజ్ఞతలని చెప్పి కూర్చున్నారు. ఈ సంగతి ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు.

రెండేళ్ల తరువాత, 1893లో, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో అక్కడి భారతీయుల సమావేశంలో మాట్లాడారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది వర్తకులు. వ్యాపారంలో నిజం చెప్పి నెగ్గుకురాలేమన్నది వాళ్లు మామూలుగా అనే మాట. అది తప్పని ఆయన గట్టిగా నమ్మారు. ఆ విషయం మీదే మాట్లాడారు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం అదేనని ఆయన చెప్పుకున్నారు. లండన్‌లో ఆయన చేతిలో ఉన్నది ఒక పిట్టకథ, దాన్ని చెప్పాల్సిన వరుస. ప్రిటోరియాలో ఉన్నది చెప్పి తీరాల్సిన సంగతి. వాక్యం మరుపున పడవచ్చు గానీ నమ్మిన సంగతి అంత తేలిగ్గా పోదు.

బట్టీ పట్టిన ఉపన్యాసంతో వచ్చే చిక్కు ఇదే. అందులో ప్రతి వాక్యం తన ముందున్న వాక్యాన్ని పట్టుకుని వేలాడుతుంది. గుండె దడదడలాడుతుంటే ఒక్క మాట జారుతుంది, దాని వెనక ఉన్నవన్నీ జారిపోతాయి. 1904లో బ్రిటిష్ పార్లమెంటులో చర్చిల్‌కు జరిగింది కూడా అదే. కంఠతా పట్టి వచ్చిన ప్రసంగం మధ్యలో తెగిపోయింది. కాసేపు వెతుక్కుని, విన్నందుకు సభ్యులకు ధన్యవాదాలు చెప్పి కూర్చున్నారు. అప్పటినుంచి ఆయన రాత ప్రతి దగ్గర లేకుండా పెద్ద ప్రసంగాలకు లేవలేదు.

"పాడగా పాడగా రాగం" అంటారు. ఇది చెయ్యమని చెప్పే సామెత. మనసులో చదువుకోమని కాదు, పాడమని చెబుతోంది. కుర్చీలో కూర్చుని కాగితం పది సార్లు కళ్లతో చదివితే కళ్లకు అలవాటవుతుంది గానీ నోటికి కాదు. లేచి నిలబడి, గొంతు విప్పి, ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలి. ప్రతిసారీ మాటలు కొంచెం మారనివ్వాలి. ఒకసారి మధ్య నుంచి మొదలుపెట్టి చూడాలి. మధ్య నుంచి అందుకోగలిగితే సంగతి వచ్చినట్టు. మొదటి నుంచి చెబితేనే వస్తోందంటే అది ఇంకా బట్టీలోనే ఉందని గుర్తు.

మన గ్రంథాలయం సభలోనే అయిదు నిమిషాలు మాట్లాడాల్సిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఆమె పేజీల కొద్దీ రాయనక్కర్లేదు. మూడు సంగతులు చాలు: పొద్దున్నే పేపరు కోసం వచ్చే తాతయ్యలు, పోటీ పరీక్షల పుస్తకాలు కొనలేక ఇక్కడే చదువుకునే వాళ్లు, సాయంత్రం తొందరగా తాళం పడటం వల్ల వాళ్లకు కలిగే ఇబ్బంది. పోస్టుకార్డంత అట్ట మీద పెద్ద అక్షరాల్లో "పేపరు, పరీక్షలు, తాళం" అని రాసుకోవాలి. పల్చటి కాగితం వద్దు. చెయ్యి వణికితే అది రెపరెపలాడుతుంది, ఆ చప్పుడు మైకులో వినిపిస్తుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా ఉండాలి. "ఈ గ్రంథాలయానికి నేను మొదటిసారి మా తాతయ్య చెయ్యి పట్టుకుని వచ్చాను" అని ఎత్తుకుంటే అది ఆమె సొంత సంగతి, ఎక్కడికీ పోదు. "సాయంత్రం ఇంకో గంట తెరిచి ఉంచండి" అన్నది చివరి వాక్యమైతే, మధ్యలో ఏం పోయినా అక్కడికి చేరి దిగిపోవచ్చు.

అట్ట వెనక వేదిక మీదివాళ్ల పేర్లు రాసుకోవాలి. మన సభల్లో చాలామంది తడబడేది విషయం దగ్గర కాదు, సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి అంటూ సాగే సంబోధనల దగ్గర. ఒక పెద్దాయన పేరు తప్పిపోతే ఆ కంగారు చివరిదాకా వెంటాడుతుంది. పేర్లు చూసి చదివితే ఎవరూ తప్పుపట్టరు.

ఇంత చేసినా మరుపు రావచ్చు. అప్పుడు పట్టుకోవాల్సింది "నిదానమే ప్రధానం" అన్న మాట. ముందు ఊపిరి పూర్తిగా వదలాలి. తరువాత ఇప్పుడే చెప్పిన వాక్యాన్ని ఇంకోసారి నెమ్మదిగా చెప్పాలి. వినేవాళ్లు దాన్ని నొక్కి చెప్పడం అనుకుంటారు. ఈలోగా అట్ట మీద తరువాతి మాట చూసుకోవచ్చు. మాట్లాడేవాడికి యుగంలా అనిపించే ఆ మౌనం వినేవాళ్లకు రెండు మూడు క్షణాలే. పైగా ఏం చెప్పాలని వచ్చారో వాళ్లకు తెలియదు. ఒక సంగతి వదిలేసి ముందుకు పోతే వదిలేసినట్టు మీకు తప్ప ఎవరికీ తెలియదు. "మరిచిపోయాను, క్షమించండి" అన్నప్పుడే అది అందరికీ తెలుస్తుంది. అందుకే ఆ మాట అనకండి.

"నిండా మునిగినవాడికి చలేమిటి" అన్న సామెతను అప్పుల విషయంలో వాడతాం గానీ, ఇక్కడా అది సరిపోతుంది. చాలామందికి భయం శిఖరానికి చేరేది పేరు పిలిచినప్పుడు. మొదటి నిమిషం గడిస్తే అది కాస్త దిగుతుంది. అందుకే ఆ మొదటి నిమిషానికి సొంత అనుభవాన్ని పెట్టుకోమనడం.

సభాకంపం పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు. ప్రిటోరియాలో నెగ్గిన గాంధీజీ, 1896లో బొంబాయి సభలో అచ్చువేసిన ప్రసంగం చేత పట్టుకుని కూడా వణికారు. గొంతు లేవక, మిగతా భాగాన్ని వేరేవాళ్ల చేత చదివించాల్సి వచ్చింది. అయినా దక్షిణాఫ్రికా భారతీయుల కష్టాలు ఆ సభకు చేరాయి. చేరాల్సింది అదే.

కాబట్టి మొదటిసారి మైకు అందుకోబోతున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. ధైర్యం వచ్చాక మాట్లాడదామని ఆగకండి. ఇవాళే అట్ట మీద మూడు మాటలు రాసుకుని, లేచి నిలబడి, ఇంట్లోవాళ్లకు ఒకసారి గొంతెత్తి చెప్పండి.