ప్రయోగశాలాధిపతికి ఒక లేఖ

గత సంవత్సరం మన కళాశాలలో కంప్యూటర్ శాస్త్రం చదివి పట్టభద్రురాలైన ఒక విద్యార్థిని ఇటీవల చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వద్ద నాకు కనబడింది. అశోక్ నగర్ శిక్షణా కేంద్రాలకు వచ్చే యువతీయువకులతో నిండి ఉండే ఆ గ్రంథాలయంలో ఆమె కూడా ఒక మూల చోటు సంపాదించుకొని గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నది. నగరంలో మాటను అక్షరంగా మార్చే యంత్రాలపై పనిచేసే ఒక ప్రయోగశాలలో పరిశోధన సహాయకుల ఉద్యోగం ఖాళీగా ఉన్నదట. దాని అధిపతికి ఈ-మెయిల్ వ్రాసుకొన్నది. పంపేముందు ఒకసారి చూడమని ఫోను నా చేతికిచ్చింది. ఆమె తండ్రి ఒక షరతు విధించారు: ఈ ప్రయత్నం ఫలించకపోతే ఇక గ్రూప్స్ తప్ప మరో మాట ఎత్తకూడదు.

లేఖ చదివి నేను చిన్నబోయాను. "గౌరవనీయులైన అయ్యా" అని మొదలై, తాను కష్టపడి పనిచేసే స్వభావం కలదాననీ, పరిశోధన అంటే అమితాసక్తి అనీ, ఒక్క అవకాశం దయచేయించవలసిందనీ సాగి ముగిసింది. నారాయణగూడలో ఒక జిరాక్సు దుకాణంలో తయారు చేయించిన బయోడేటాలో పధ్నాలుగు నైపుణ్యాల పేర్లు వరుసగా ఉన్నాయి. ఆ లేఖలో ప్రయోగశాల పేరు మార్చి ఏ ప్రయోగశాలకు పంపినా సరిపోతుంది. తప్పు ఆమెది కాదు. భాష బోధించే మావంటి వారిది. మేము తరగతిలో నేర్పేది సెలవు కోరే అర్జీ, ఫీజు రాయితీ కోరే అర్జీ. అర్జీలో అడిగేవాడి అవసరం ఉంటుంది. ప్రయోగశాలాధిపతి చేతిలో ఉన్నదో, నిర్ణీత కాలంలో ముగించవలసిన ఒక పని. దానికి వచ్చిన నిధి నుండే ఆ జీతం వస్తుంది. ఆ పనిలో ఏ భాగాన్ని ఈ మనిషి మోయగలదన్నదే ఆయన వెదికే విషయం.

"నీవు చివరి సంవత్సరంలో చేసిన ప్రాజెక్టు సంగతి ఇందులో లేదేమమ్మా?" అని అడిగాను.

"అది చిన్నది సార్, పేర్లను ఉర్దూ లిపి నుండి తెలుగు లిపిలోకి మార్చడమే కదా!" అన్నది.

చిన్నదన్న ఆ పనిలోనే ఆమె లేఖ అంతా ఉన్నది. చదువరులకు కొంచెం వివరించాలి. ఉర్దూలో సాధారణంగా హ్రస్వాచ్చులను వ్రాయరు. మీమ్, లామ్, కాఫ్ అనే మూడక్షరాలు వరుసగా వ్రాస్తే అది మలిక్, అనగా రాజు కావచ్చు. ముల్క్, అనగా దేశం కావచ్చు. మిల్క్, అనగా ఆస్తి కావచ్చు. మలక్, అనగా దేవదూత కావచ్చు. మనిషి సందర్భాన్ని బట్టి చదువుకుంటాడు. యంత్రానికి ఎవరైనా చెప్పాలి. తెలుగు లిపి అచ్చులను దాచదు. మన వార్షిక సంచిక పాత ప్రతులలో బహుమతి గ్రహీతల పేర్లు రెండు లిపులలోనూ అచ్చయినవి కదా, వాటి నుండి ఆమె 1,600 జంటలు సేకరించి, ఆ దాగిన అచ్చులను పూరించే పద్ధతిని యంత్రానికి నేర్పింది.

ఆ ప్రయోగశాల వారి పరిశోధన వ్యాసం ఒకటి ఆమె ఫోనులోనే ఉన్నది. దాని చివర, తమ లోపాలు చెప్పుకొనే చోట, ఉర్దూ ఉచ్చారణ నిఘంటువును చేతితో తయారు చేయవలసి వచ్చిందనీ, హ్రస్వాచ్చులే పెద్ద చిక్కనీ వారు వ్రాసుకొన్నారు. ఆమె ప్రాజెక్టుకు, ఆ వ్యాసానికి వంతెన అక్కడే ఉన్నది. అయితే వంతెన సగమే. తెలుగు లిపిలో జలీల్, జాకిర్, జహీర్ మూడూ ఒకే 'జ'తో మొదలవుతాయి. ఉర్దూలో మొదటిది జీమ్, రెండవది జాల్, మూడవది జోయ్. జీమ్‌కు ఒక ధ్వని, తక్కిన రెంటికి వేరొక ధ్వని. కాబట్టి హల్లులను ఉర్దూ వరుస నుండి, అచ్చులను తెలుగు వరుస నుండి తీసుకొంటేనే సరైన ఉచ్చారణ వస్తుంది. రెండు లిపులూ చిన్ననాటి నుండి చదివిన పిల్లకు ఇది వెంటనే తోచింది. బయోడేటాలోని పధ్నాలుగు నైపుణ్యాలలో 'ఉర్దూ, తెలుగు చదవడం' లేనే లేదు!

తరువాత అంకె విషయం. యంత్రం నూటికి 91 సరిగా చేసిందని ప్రాజెక్టు నివేదికలో ఉన్నది. నాకు గణితం అంతగా రాదు గాని, శిక్షణకు వాడిన పేర్లూ పరీక్షకు వాడిన పేర్లూ వేరా అని అడిగాను. 1,280 నేర్పడానికి, 320 పరీక్షించడానికి అన్నది. కాని అబ్దుల్ కరీం ఇటు, మహమ్మద్ కరీం అటు ఉంటే, 'కరీం' ముందే చూచిన మాటే కదా? ఆమె మౌనంగా ఉండిపోయింది. మూడు రోజుల తరువాత, ఏ మాటా రెండు వైపులా రాకుండా విభజించి మళ్ళీ చూచింది. ఫలితం 71కి దిగింది. "ఇది వ్రాస్తే ఉద్యోగం ఇస్తారా సార్?" అని భయపడింది. 91 వ్రాస్తే అనుభవజ్ఞుడు మొదటి ప్రశ్నతోనే పట్టుకొంటాడు. 71 వ్రాసి, 91 ఎట్లా పొరపాటో రెండు వాక్యాలలో చెబితే, తన లెక్కను తానే పరీక్షించగలదని ఆయనకు తెలుస్తుందని నా నమ్మకం.

చివరకు ఇంగ్లీషులో వెళ్ళిన లేఖ సారం ఇది. విషయం వరుసలో ఉద్యోగం పేరు, ప్రకటన సంఖ్య. తరువాత:

"మీ వ్యాసం చివర ఉర్దూ నిఘంటువులో హ్రస్వాచ్చుల చిక్కును ప్రస్తావించారు. నేను 1,600 పేర్లతో ఉర్దూ నుండి తెలుగు లిపికి మార్పిడి చేశాను. మాటలు కలియకుండా పరీక్షించినప్పుడు నూటికి 71 సరిపోయినవి. మొదట వచ్చిన 91, ఒకే మాట రెండు వైపులా ఉండడం వల్ల వచ్చినది. మిగిలిన తప్పులలో అధికభాగం హ్రస్వాచ్చులవే. హల్లులను ఉర్దూ నుండి, అచ్చులను తెలుగు నుండి గ్రహిస్తే ఈ జంటలు మీ నిఘంటువుకు పనికిరావచ్చునని అనుకొంటున్నాను. ఇంకా చేసి చూడలేదు. పైథాన్‌లో ఈ పనినంతా నేనే వ్రాశాను. రెండు లిపులూ ధారాళంగా చదువుతాను. వాక్ ధ్వనులపై పనిచేసిన అనుభవం లేదు. వచ్చే నెల మొదటి తేదీ నుండి రెండు సంవత్సరాలు ఉండగలను."

అంతే. క్రింద ప్రాజెక్టు లింకు ఒకటి, బయోడేటా ఒకటి. ఆ లింకును నా ఫోనులో తెరిస్తే You need access అని కనిపించింది! తన ఫోనులో ఎప్పుడూ తెరుచుకొంటుంది గనుక ఆమెకు తెలియలేదు. లేఖ ఎంత బాగున్నా అక్కడితో ఆగిపోయేది. ప్రకటనలో దరఖాస్తు ఫారం కూడా అడిగారు గనుక దానినీ నింపింది; అర్హత నిబంధనలను ఏ లేఖా తప్పించలేదు.

ఐదవ రోజున జవాబు వచ్చింది, ఒకే వాక్యం: "పేర్లు కాని మాటలపై ప్రయత్నించారా?"

ఆమె ప్రయత్నించలేదు. ఆ సాయంకాలం గ్రంథాలయంలోనే కూర్చొని ఒక ఉర్దూ దినపత్రిక నుండి 100 మాటలు ఎత్తి వ్రాసుకొన్నది. దేశం అని ఉన్నచోట యంత్రం మలిక్ అన్నది. వయస్సు అనే అర్థంలో ఉమ్ర్ అని ఉన్నచోట ఉమర్ అన్నది. పేర్లే నేర్చిన యంత్రానికి అన్నీ పేర్లుగానే కనబడ్డాయి. 100లో 38 సరిపోయినవి. గ్రంథాలయం మూసేవేళకు ఆ 38నీ, తప్పిన 62 మాటల పట్టికనూ ఆయనకు పంపి, అశోక్ నగర్ వైపు నడిచి వెళ్ళింది.