బాఢం అన్నవాడికి అర్థం ఎవరు చెప్తారు?

మా మేనల్లుడు కొడుక్కి వడుగు పెట్టుకున్నాడు. ఈ రోజుల్లో శుభలేఖతో పాటు ఒక నిమిషం వీడియో కూడా పంపాలట. దానికి స్క్రిప్టు తనే రాసుకుని, "మావయ్యా, తప్పులుంటే దిద్దు" అని నా ఫోనుకు పంపాడు. ఎనిమిదే వాక్యాలు. అందులో అయిదు జంధ్యం గురించి. మూడు పోగులంటే దేవ, ఋషి, పితృ ఋణాలు. ముడి అంటే బ్రహ్మముడి. చెవికి చుట్టుకుంటే అక్కడి నరం నొక్కుకుని రక్తపోటు అదుపులో ఉంటుంది, మన పూర్వులు ఎంతటి శాస్త్రజ్ఞులో చూడండి. మిగిలిన మూడు వాక్యాల్లో గాయత్రి మహిమ, సంస్కృతి, శుభాకాంక్షలు. పిల్లవాడు ఆ రోజు నుంచి ఏం చెయ్యాలో ఒక్క మాట లేదు.

వాణ్ణి తప్పు పట్టలేను. ఉపనయనం మీద వచ్చే వీడియోలు, ఉపన్యాసాలు, శుభలేఖ వెనక అట్ట మీది నాలుగు ముక్కలు అన్నీ ఇదే అచ్చులో పోసినవి. ఉపనయనం అంటే జంధ్యం వెయ్యడం, జంధ్యానికి అర్థం చెప్తే ఉపనయనానికి అర్థం చెప్పినట్టే అని మనందరికీ స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. పోగులు లెక్కపెడుతూ కూర్చుంటే అసలు విషయం చేజారిపోతుంది.

ముందు ఆ చెవి సంగతి తేల్చేద్దాం. మలమూత్ర విసర్జన వేళ జంధ్యం చెవి మీద వేసుకోవాలన్న నియమం యాజ్ఞవల్క్య స్మృతిలో ఉంది. నరాల మాట లేదు. నూలుపోగు కింద పడి మైల కాకుండా పైకి పెట్టుకోవడమనే మామూలు అర్థం చాలదా? వదులుగా తగిలించిన దారం చెవిని నొక్కితే ఎంత నొక్కుతుంది? పొద్దస్తమానం మీ చెవిని పట్టుకు వేలాడే కళ్ళజోడు కాడ అంతకు ఎన్నో రెట్లు నొక్కుతుంది. ఆ లెక్కన కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి రక్తపోటు మాత్రల అవసరమే ఉండకూడదు.

మూడు ఋణాల మాట ఇంతకంటే గౌరవంగా చూడాల్సినది. బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని, బ్రహ్మచర్యంతో ఋషులకు, యజ్ఞంతో దేవతలకు, సంతానంతో పితరులకు వాటిని తీరుస్తాడని తైత్తిరీయ సంహిత చెప్పింది. కానీ అక్కడ పోగుల ప్రస్తావన లేదు. ఆ మూడునీ ఈ మూడుకీ ముడిపెట్టింది తర్వాతివాళ్ళు. ఒకరు త్రిమూర్తులన్నారు, ఇంకొకరు మూడు వేదాలన్నారు, మరొకరు ఇడా పింగళా సుషుమ్నలన్నారు. అంకె మూడైతే చాలు, ఏదైనా అతుకుతుంది.

తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రం వాళ్ళే. ఆపస్తంబ గృహ్యసూత్రంలో ఉపనయన విధానం ఉంది. పిల్లవాడికి భోజనం, క్షౌరం, స్నానం, అగ్నిలో సమిధ, రాతి మీద కుడికాలు పెట్టించడం, అదే రోజు వడికి నేసిన కొత్త బట్ట, నడుముకి ముంజగడ్డి మొలతాడు, లేడి చర్మం, ఆచార్యుడు చెయ్యి పట్టుకోవడం, సావిత్రి ఉపదేశం, మోదుగ కర్ర, ఇలా సాగుతుంది. జంధ్యం మెడలో వేసే ఘట్టాన్ని సూత్రకారుడు అందులో విడిగా చెప్పనేలేదు. ఇంకా విచిత్రం, ఆయనే తన ధర్మసూత్రంలో, గృహస్థు ఎప్పుడూ ఉత్తరీయం వేసుకోవాలి, లేదా దాని బదులు ఒక్క దారమైనా సరే అంటాడు. ఉపవీతం మొదట్లో పై బట్టనో లేడి చర్మాన్నో ఎడమ భుజం మీదుగా వేసుకునే పద్ధతికి పేరు. దేవకార్యానికి అలా, పితృకార్యానికి కుడి భుజం మీదుగా, మామూలు వేళ దండలాగా. తద్దినాల్లో పురోహితుడు "అపసవ్యం" అనగానే మనం జంధ్యాన్ని ఇటు నుంచి అటు మార్చుకుంటామే, ఆ కదలిక పాత ఉత్తరీయానిది. దారం దానికి వారసుడు. ఇప్పుడు ఆ దారమే యజమాని అయి కూర్చుంది.

మరి బాధ్యతలు ఎక్కడున్నాయి? పోగుల్లో వెతకక్కర్లేదు. తంతులోనే, పెదవి విప్పి చెప్పిన మాటల్లో ఉన్నాయి. సావిత్రి ఉపదేశం అయ్యాక ఆచార్యుడు పిల్లవాడికి వరసగా ఆజ్ఞలు ఇస్తాడు. దీన్ని సంశాసనం అంటారు. నువ్వు బ్రహ్మచారివి. నీళ్ళు తాగు, అంటే ఆచమనం మానకు. కర్మ చెయ్యి. నిద్రపోకు, అంటే పగటి నిద్ర కూడదని. భిక్షకు తిరుగు. ఆచార్యుడికి అధీనుడివై ఉండు. ఆరే మాటలు. ఒక్కోదానికీ పిల్లవాడు "బాఢం" అనాలి. బాఢం అంటే సరే, అలాగే అని.

ఈ ఘట్టాన్ని నేను ఎన్నో వడుగుల్లో దగ్గర కూర్చుని చూశాను. పురోహితుడు గబగబా చదువుతూ మధ్యలో "బాఢం అను నాయనా" అంటాడు. హోమం పొగకి కళ్ళు ఎర్రబడి, పొద్దుటి నుంచి పీటల మీద కూర్చుని విసిగిపోయిన పిల్లవాడు "బాడం" అంటాడు. వెనక మేళం. ఫోటోగ్రాఫరు అప్పుడే ముందరి ఘట్టం బొమ్మలు చూసుకుంటూ ఉంటాడు, ఎందుకంటే పట్టుబట్ట కింద తండ్రి చెవిలో మంత్రం చెప్పడం అందమైన దృశ్యం, ఇది కాదు. ఒక మనిషి తన జీవితంలో మొదటిసారి పదిమంది ముందు ఒప్పుకున్న ఒప్పందం అలా పొగలో కలిసిపోతుంది. దేనికి ఒప్పుకున్నాడో వాడికి తెలియదు. చాలాసార్లు తండ్రికీ తెలియదు.

ఇక భిక్ష. "భవతి భిక్షాం దేహి" అని మొదట తల్లి ముందు నిలబడతాడు. వీడియోల్లో ఇది తల్లీకొడుకుల ముచ్చట. వెండి పళ్ళెం, బియ్యం మీద నాణేలు, కళ్ళనీళ్ళు. నిజానికి ఇది ఆ నాటి విద్యార్థి బతుకుతెరువుకి మొదటి పాఠం. తెచ్చినది తనది కాదు, తీసుకెళ్ళి ఆచార్యుడికి చూపించాలి, ఆయన తినమంటేనే తినాలి. కలిగినవాడి కొడుకైనా నాలుగు ఇళ్ళ ముందు చెయ్యి చాచాలి. కాదనరని ధైర్యం కోసమే మొదటి ఇల్లు తల్లిది. ఇప్పుడు ఆ ఇంటితోనే సరి. జోలెలో పడ్డ కవర్లు ఎవరి పేరున ఎంతో రాసుకునే నోటు పుస్తకం పక్కనే ఉంటుంది, రేపు వాళ్ళింటి వడుగులో తిరిగి ఇవ్వాలి కదా.

ఇంకో సంగతి కూడా వీడియోల్లో రాదు. ఒప్పందం పిల్లవాడి వైపు నుంచే కాదు. చెయ్యి పట్టుకున్నవాడికీ బాధ్యత ఉంది. శిష్యుణ్ణి కొడుకులా చూసుకోవాలి, ఏమీ దాచుకోకుండా చెప్పాలి, వాడి చదువు చెడేలా సొంత పనులకు వాడుకోకూడదు అంటాడు ఆపస్తంబుడు. చదువు చెప్పకుండా తప్పించుకునే ఆచార్యుడు ఆచార్యుడే కాడని కూడా తేల్చేశాడు. మన ఇళ్ళలో బ్రహ్మోపదేశం చేసేది తండ్రి. అంటే ఆ ఆచార్యుడు తండ్రే. తండ్రి సంధ్యవార్చి ఎన్నాళ్ళయింది? పొద్దున్నే లేచి కొడుకు పక్కన కూర్చోనివాడు, పిల్లలు మాట వినడం లేదని ఎవరితో మొరపెట్టుకుంటాడు?

వడుగు నిలబడిందో లేదో తెలుసుకోవడానికి పోగులు చూడక్కర్లేదు. మూడు నెలల తర్వాత పిల్లవాణ్ణి పిలిచి, సాయంత్రం ఎటు తిరిగి అర్ఘ్యం ఇస్తావు అని అడగండి. పడమటికి అని తడుముకోకుండా చెప్తే రోజూ చేస్తున్నట్టు. తల్లి వైపు చూస్తే ఆగిపోయినట్టు. పెద్దవాళ్ళకి పరీక్ష ఇంకా సులువు. అభివాదంలో గోత్రం, సూత్రం చెప్పాక "యజుశ్శాఖాధ్యాయీ" అంటాం. యజుశ్శాఖ చదువుతున్నవాణ్ణి అని అర్థం. ఏం చదువుతున్నావయ్యా అని ఎవరైనా అడిగితే మనలో ఎంతమంది దగ్గర జవాబుంది? జంధ్యానికి బీరువా తాళంచెవి కట్టుకున్న పెద్దమనుషుల్ని మా వీధిలోనే చూశాను. కనీసం ఆ పోగుకి ఒక పని ఇచ్చారు.

అన్నిటికంటే నిస్సిగ్గు పని పెళ్ళికి ముందు రోజు వడుగు. ఎనిమిదో ఏట కావాల్సినది ఇరవై ఎనిమిదో ఏట చేస్తారు. పదహారు దాటితే బ్రాహ్మణుడికి గడువు మీరినట్టేనని శాస్త్రం అన్న సంగతి ప్రాయశ్చిత్తం దక్షిణలో సర్దుకుంటుంది. పొద్దున ఉపనయనం, ఆ వెంటనే స్నాతకం. స్నాతకం అంటే చదువు ముగించి గురుకులం నుంచి తిరిగి రావడం. బడిలో చేరిన రోజే పట్టా. దానికీ ఒక వీడియో, మూడు పోగుల మహిమతో సహా.

"ఒక్క నిమిషంలో ఇవన్నీ ఎలా చెప్తాం మావయ్యా? ఏదో నాలుగు మంచిమాటలు చెప్తే జనం ఆ మాత్రమైనా తెలుసుకుంటారు" అన్నాడు మా వాడు. ఈ 'ఆ మాత్రమైనా' అన్నదే నాకు మింగుడుపడనిది. పోగుల్లో శాస్త్రం ఉందని తెలుసుకున్నవాడు పోగు వేసుకుని ఊరుకుంటాడు. అది చెవి దగ్గర తన పని తాను చేసుకుపోతుంది కాబట్టి తను చెయ్యడానికి ఏమీ మిగలదు. పైగా ఈ వీడియోలవాళ్ళు 'ప్రతి బాలుడూ' అని మొదలుపెడతారు. ఏ బాలుడు? ఉపనయనం మూడు వర్ణాలకే అన్నది శాస్త్రం, ఒక్కో వర్ణానికీ వేరే వయసు, వేరే ఋతువు చెప్పింది. ఆ హద్దు బయట నిలబెట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ సంగతి నిజాయితీగా ఒప్పుకోకుండా అందరి సంస్కృతి అని పూత పూయడం ఇంకో అబద్ధం. మిగిలినవాళ్ళకు దక్కని దాన్ని దక్కించుకున్నవాళ్ళు దాన్ని బాధ్యతగా కాక ఘనతగా చూపించుకుంటే, జంధ్యాన్ని వెక్కిరించేవాళ్ళకి నా దగ్గర సమాధానం లేదు.

స్క్రిప్టు దిద్ది పంపాను. పోగుల వాక్యాలు అయిదూ కొట్టేశాను. మొదటి పది సెకన్లలో ఉపనయనం అంటే గురువు దగ్గరికి తీసుకెళ్ళడం అన్న ఒక్క వాక్యం. తర్వాత ముప్ఫై సెకన్లు ఆ ఆరు ఆజ్ఞలు, తెలుగులో, ఒక్కోటి అయిదేసి సెకన్లు. ఇంకో పది సెకన్లు ఆచార్యుడి వంతు. చివరి పది సెకన్లు పిల్లవాడి ముఖం, వాడి నోట బాఢం అన్న మాట, మేళం లేకుండా.

వీడియో తియ్యని తండ్రులకీ ఒక మనవి. ముహూర్తానికి ముందు రోజు సాయంత్రం, చుట్టాలు దిగకముందే, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆరు మాటలూ తెలుగులో చెప్పండి. రేపు నువ్వు వీటికి ఒప్పుకుంటున్నావు, నీ పక్కన రోజూ నేనూ కూర్చుంటాను అని చెప్పండి. వాడేమంటాడో వినండి. మీరు ఆ మాట ఇవ్వలేకపోతే ముహూర్తం వాయిదా వేసుకోండి.