దేని మీద శాతమో అడగండి

టమాటా వ్యాపారి "నాకు 33 శాతమే" అంటే పోనీలే పాపం అని తల ఊపుతున్నాం. ఆ 33 దేని మీద అని అడిగేవాడే లేడు.

లెక్క చూడండి. 25 కిలోల బాక్సు మన దగ్గర 500కి కొన్నాడు, 750కి అమ్మాడు. తేడా 250. దాన్ని అమ్మిన 750 మీద లెక్కేస్తే 33 శాతం. ఇది మార్జిన్. అదే 250ని కొన్న 500 మీద లెక్కేస్తే 50 శాతం. ఇది మార్కప్. డబ్బు ఒకటే, పేర్లు రెండు.

మన చేతికొచ్చింది 500 కాబట్టి, 33 శాతం అనగానే మనం దాని మీదే లెక్కేసుకుంటాం. 165 మిగిలిందేమో అనుకుంటాం. మిగిలింది 250. ఆ 85 రూపాయల తేడా మాట చాటున పోయింది.

ఆ 250లోంచే బండి కిరాయి, హమాలీ, కుళ్లిన కాయ పోవాలి, కాదనను. మరి అవెంతో రూపాయల్లో చెప్పమనండి. శాతం చెప్పి తప్పించుకోవడం ఏం న్యాయం?

ఇకమీదట ఎవరు శాతం అన్నా "కొన్నదాని మీదా, అమ్మినదాని మీదా?" అని నిలదీయండి. ఆ తర్వాతే సరుకు కాటా ఎక్కించండి.