నైట్ పాళీ కోస్తే శాతం దిగుతుందా?

కూలి ఖర్చు అమ్మకంలో ఇంత శాతం దాటకూడదు, దాటితే వచ్చే వారం పాళీలు తగ్గించు. లెక్కలు చూసేవాళ్ల మంత్రం ఇది. హోటల్లో దీనికి అర్థముంది. గిరాకీ లేని గంటకూ అక్కడ జీతం పడుతుంది కాబట్టి, ఆ గంట తీసేస్తే ఆ డబ్బు మిగులుతుంది. అదే మంత్రాన్ని భివండిలోని నార్పోలి కార్ఖానాలో చదివితే మాత్రం ఫలితం తిరగబడుతుంది. ఇక్కడ సాంచా నడిపే మనవాళ్లకు మీటరు లెక్కన కూలి. సాంచా ఆగితే కూలీ ఆగుతుంది. ఇక కోసేదేముంది?

లెక్క కోసం 30 సాంచాల కార్ఖానా అనుకుందాం. వారానికి పగలు ఆరు, రాత్రి ఆరు పాళీలు. పాళీకి సుమారు 1,000 మీటర్లు. సేటు ఇచ్చే మజూరి మీటరుకు 5 రూపాయలు, అందులో నేతగానికి 2. జాబరుకు, కండెలు చుట్టేవాళ్లకు కలిపి వారానికి 6,000 నికరం. వచ్చేది 60,000, కూలి 30,000. సరిగ్గా సగం.

దీన్ని 45కు దింపాలని రెండు నైట్ పాళీలు కోశారు. రాబడి 50,000కు పడింది. నేతగాళ్ల కూలి 20,000 అయింది, ఆ 6,000 కదల్లేదు. మొత్తం 26,000, అంటే 52 శాతం! మంత్రాన్నే నమ్మితే మరుసటి వారం ఇంకో రెండు పాళీలు కోయాలి. షెడ్డు అద్దె ఈ శాతంలో కనిపించదు గానీ, అదీ తగ్గలేదు.

పాళీలు కోయకుండా సేటే మజూరి నాలుగున్నరకు దించాడనుకోండి. కార్మికుడికి ఒక్క పైసా పెరగకుండానే శాతం 55 దాటుతుంది. బజారు చేసిన తప్పు కూలి పద్దులో పడిందన్నమాట.

మరి ఐదు సాంచాలు చూసేవాడికి ఆరు అప్పగిస్తే? మీటరు కూలి మారనంతవరకు శాతానికి ఒరిగేదేమీ లేదు. పైగా తెగిన పోగు దగ్గరికి మనిషి ఆలస్యంగా చేరతాడు. కండె పోగు తెగితే సాదా సాంచా ఆగుతుంది, మనిషి వచ్చేదాకా ఖాళీగా నిలబడుతుంది. బీము పోగు తెగితే ఆగనే ఆగదు. ఆ పోగు లేకుండానే నేసుకుంటూ పోతుంది, తాను పొడవునా గీత పడుతుంది. మడత బల్ల మీద సేటు మనిషి దాన్ని చూసి మజూరి కోస్తాడు. రాబడి తగ్గి శాతం మళ్లీ పైకే.

పాళీల పట్టీ పక్కన పెట్టి, ఏ సాంచా ఎంతసేపు ఆగింది, కండెలు అందకా, బీము రాకా, జాబరు కోసమా అన్నది రాయాలి. ఒక్కో సాంచా పాళీకి అరగంట ఎక్కువ ఆడినా వారానికి 600 మీటర్లు పెరుగుతాయి. రాబడి 63,000, కూలి 31,200. శాతం యాభైకి కాస్త కిందికి వస్తుంది, అంతే. 45 మాత్రం రాదు. కానీ కూలి పోగా చేతిలో మిగిలేది 31,800. పాళీలు కోసిన వారంలో అది 24,000.